ఓబుళరెడ్డి ఒక్కడికే కనబడిన సైటు

ప్రొద్దుటూరులో బట్టలంగడి మీది గదిలో సంజీవ్ వెబ్‌సైట్లు చేస్తాడు. నేర్పినవాళ్లెవరూ లేరు, చెడగొట్టి నేర్చుకున్నాడు. పులివెందులలో చీనీకాయల (బత్తాయిల) వ్యాపారి ఓబుళరెడ్డి సైటు అతనికి పెద్ద పని. అది నచ్చితే మిగతా మండీలూ వస్తాయి.

సైటుకు పేరు కొన్నారు గానీ, అది ఏ సర్వర్‌దో ఇంటర్నెట్‌కి ఇంకా చెప్పలేదు. అందుకని రెడ్డి కంప్యూటర్‌లోని హోస్ట్స్ ఫైల్‌లో సంజీవ్ ఒక వరుస రాశాడు: ట్రయల్ సర్వర్ నంబరు, పక్కన సైటు పేరు. ఊళ్లో ఎవరికీ రాని సైటు ఆ కంప్యూటర్‌లో మాత్రం వచ్చింది. రెడ్డి చూసి, "మాయమ్మ ఫోటో పైన పెట్టప్పా" అన్నాడు.

సంజీవ్ సరేనన్నాడు. సైటును కొత్త సర్వర్‌కు మార్చి, ఫోటో అక్కడే పెట్టి, ఆ పేరు ఏ సర్వర్‌దో ఇంటర్నెట్‌కి చెప్పే డీఎన్ఎస్ రికార్డులు కూడా ఇచ్చాడు.

రెండు రోజులకు రెడ్డి ఫోన్ చేశాడు. "ఏందప్పా, ఫోటో యాడ? ఇట్లయితే వేరేవాళ్లను చూసుకుంటా."

సంజీవ్ బస్సెక్కి వెళ్లాడు. రెడ్డి తల్లి చెన్నమ్మ ఫోన్ పట్టుకుని గుమ్మంలోనే కూర్చుంది. "నాకు కనపడ్తాందే. వీనికే కనపల్లేదంట."

సంజీవ్‌కు అర్థమైంది. తాను రాసిన వరుస అక్కడే ఉంది. కంప్యూటర్ ముందుగా దాన్నే చూసి, ఇంకా పాత ట్రయల్ సర్వర్‌కే పోతోంది. వరుస చెరిపి, బ్రౌజర్ మూసి తెరిచాడు. తెర మీద చెన్నమ్మ ఫోటో వచ్చింది.

"అంటే ఊరంతా చూసినాక నాకు కనపడిందా?" అన్నాడు రెడ్డి.

"నీకే అందరికన్నా ముందు కనపడింది రెడ్డీ. తప్పు ఆడనే జరిగింది."

రెడ్డి సింహాద్రిపురం బావమరిది నంబరు ఇచ్చాడు. "వానికి గూడా చేయి. ముందుగా మాత్రం చూపించొద్దు."