మూడో రోజు మానేసేవాళ్లు

“ఈసారి నన్ను తీసుకోరేమోనే పిల్లా!” అంది బట్టల షాపు మెట్ల మీద నిలబడ్డ మడతలక్క. ఎనిమిది పండగలకు అక్కడే చొక్కాలు మడిచి అమ్మిన మనిషి. పక్కనున్న చంటిబిడ్డ తల్లి కూడా ఆ పండగ పని కోసమే వచ్చింది.

తలుపు మీద కాగితం అంటించారు: పది నుంచి ఇరవై రెండో తేదీ వరకు పని, రోజుకు ఆరువందలు, పన్నెండు మంది కావాలి, ఎంపిక ఈరోజే.

గుర్తింపు కార్డు చూశాక, చొక్కా మడిచి అమ్మి చూపించమన్నారు. అక్క అందరికన్నా చక్కగా మడిచింది, కానీ బల్లకు ఆనుకుంది.

“రోజంతా నిలబడాలక్కా, నీ మోకాళ్లు ఓర్చుకోవు,” అన్నాడు సూపర్‌వైజరు. అమ్మి చూపించేటప్పుడు మాట తడబడిన తల్లినీ వద్దన్నాడు.

“లోపల నీ ఫోను నంబరు రాసిచ్చి రావే. మూడో రోజుకి ఎవరో ఒకరు మానేస్తారు, అప్పుడు పిలుస్తారు,” అంది అక్క.

“మరి నీదో?”

“ఇంకెందుకులే.”

ఆ రోజు నుంచి ఏ షాపు కాదన్నా, ఆ తల్లి నంబరు ఇవ్వకుండా మెట్లు దిగదు.