రేకు మీద టైంటేబుల్

మా నాన్నగారికి పెన్సిల్ రాత మీద నమ్మకం లేదు. చెరిగిపోయేది రాతే కాదనేవారు. జగ్గయ్యపేట మెయిన్ బజారులో మాది ఇనప సామాన్లు, రంగుల కొట్టు. ముందు కొట్టు, వెనక ఇల్లు. ఇంటర్ రెండో సంవత్సరంలో ఉండగా నా చదువు కూడా ఆ కొట్లోకే వెళ్ళిపోయింది, డబ్బాల మధ్యకి.

ఇంజనీరింగు ఎంట్రన్సు రాస్తానని నేను పట్టుపడితే నాన్నగారు ఒకే ఒక్క షరతు పెట్టారు. ఒక్కసారే రాయాలి. సీటొస్తే చదివిస్తారు, రాకపోతే మా ఊళ్ళోనే ఏదో ఒక డిగ్రీలో చేరాలి. మా బజారులో అప్పటిదాకా ఆడపిల్లలెవరూ లెక్కల గ్రూపు తీసుకోలేదు కాబట్టి, ఈ షరతు కూడా ఆయన దృష్టిలో గొప్ప ఉదారమే. నేను మాత్రం ఆ ఒక్కసారి అన్న మాట పట్టుకుని వేళ్ళ మీద నెలలు లెక్కపెట్టుకునేదాన్ని.

మా లెక్కల లెక్చరర్ గారు నందిగామ నుంచి రోజూ బస్సులో వచ్చేవారు. నవంబరు మధ్యలో స్టాఫ్ రూములో కూర్చోబెట్టుకుని, ఒక తెల్లకాగితం మీద పెన్సిల్‌తో గళ్ళు గీసి టైంటేబుల్ రాసిచ్చారు. మే నెలలో ఎంట్రన్సు, అంటే ఆరు నెలలు. పొద్దున నాలుగున్నర నుంచి ఆరున్నర దాకా లెక్కలు. ఏడున్నర నుంచి తొమ్మిది దాకా ఫిజిక్స్. పది నుంచి నాలుగున్నర కాలేజీ. సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది కెమిస్ట్రీ. ఎనిమిదిన్నర నుంచి తొమ్మిదిన్నర మళ్ళీ లెక్కలు. ఎంట్రన్సులో సగం మార్కులు లెక్కలకే కాబట్టి రెండుసార్లు. ఆదివారం పొద్దున మొదటి సంవత్సరం పాఠాలు, ఎందుకంటే ఎంట్రన్సుకి రెండేళ్ళ సిలబసూ ఉంటుంది. ఆదివారం మధ్యాహ్నం గడి మాత్రం ఖాళీగా వదిలేశారు.

"ఇదేంటండీ, ఖాళీ?" అన్నా.

"వారంలో ఏది మిగిలిపోతే అది అక్కడ చదువుకోవాలి. మిగలకపోతే పడుకో. ఇంకో మాట. ఇది మొదటి నెలకే. నెల తిరగ్గానే రా, ఎక్కడ వెనకబడ్డావో చూసి మారుద్దాం," అన్నారు.

కాగితం తెచ్చి నాన్నగారికి చూపించాను. అదే నేను చేసిన తప్పు. ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని రెండుసార్లు చదివి, "ఎంత పద్ధతిగా రాశాడమ్మా, మహానుభావుడు," అని జేబులో పెట్టుకున్నారు. మూడో రోజుకి అది రేకు మీదకి ఎక్కింది. బజారులో బోర్డులు రాసే ఆయన్ని పిలిపించి, మా కొట్లో రేకు, మా కొట్లో ఎనామిల్ పెయింటు, రెండు కోటింగులు. పైన శ్రీరామ, కింద కొట్టు పేరు. లెక్కలు ఎరుపు, ఫిజిక్స్ నీలం, కెమిస్ట్రీ ఆకుపచ్చ. ఆదివారం మధ్యాహ్నం గడి బోసిగా ఉందని, నీలం రంగు మిగిలింది కదా అని, బోర్డాయన అక్కడ కూడా ఫిజిక్స్ రాసేశాడు. అలా నా నిద్ర కాస్తా ఫిజిక్స్ అయిపోయింది.

మా ఇంటి మొత్తానికి గడియారం ఒక్కటే, అది కొట్లో ఉండేది. కాబట్టి బోర్డూ కొట్లోనే, గడియారం కింద. టైమవగానే నాన్నగారు గల్లాపెట్టె దగ్గర నుంచి లోపలికి కేకేసేవారు, "అమ్మాయ్, కెమిస్ట్రీ!" ఆయన గొంతు మామూలు గొంతు కాదు. లారీ మీదున్న హమాలీకి కొట్లోంచి లెక్క చెప్పిన గొంతు.

పదిహేను రోజుల్లో బజారు బజారంతా నా టైంటేబుల్‌కి అలవాటు పడింది. ఎదురుగా టిఫిన్ బల్ల పెట్టుకున్న మామ్మగారు తెల్లవారుజామున "లెక్కలు" అనగానే ఇడ్లీ పాత్ర పొయ్యి మీద పెట్టేది. సాయంత్రం "కెమిస్ట్రీ" అనగానే పునుగుల మూకుడు. పక్క గోడౌను హమాలీలు కెమిస్ట్రీకి బస్తాలు దించడం ఆపి టీకి వెళ్ళేవాళ్ళు. మా కొట్టుకి సరుకొచ్చే లారీ గురించి నాన్నగారే ఒకరోజు, "ఇవాళ ఫిజిక్స్ దాటినా రాలేదేంటి?" అని విసుక్కోవడం నా చెవులారా విన్నాను.

ఇక నేను గడప దాటితే పట్టుబడ్డట్టే. సూదీ దారం కొనుక్కుందామని వెళ్తే షాపతను, "ఇప్పుడు కెమిస్ట్రీ కదమ్మా, ఇట్లా తిరుగుతున్నావేంటి?" అని అడిగాడు. రెండో శనివారం కాలేజీకి సెలవంటే నాన్నగారు వినలేదు. బోర్డు మీద ఆదివారం ఒక్కటే వేరేగా ఉంది, మిగతా రోజులన్నీ కాలేజీ. చేసేది లేక వెళ్ళాను. అటెండరు నన్ను చూసి, "ఇంట్లో గొడవేమన్నా అయిందామ్మా?" అని జాలిపడి వరండాలో స్టూలు వేశాడు. మధ్యాహ్నం దాకా అతనూ నేనూ మొహమొహాలు చూసుకుంటూ కూర్చున్నాం.

డిసెంబరులో లెక్చరర్ గారు టైంటేబుల్ మార్చాలి తెమ్మన్నారు. ఏం తేను? నాన్నగారితో చెబితే, "మొదటిది తప్పా? అంత చదువుకున్నాయన తప్పు రాస్తాడా?" అన్నారు. తప్పు కాదు, మారుతుందంతే అన్నా. "రెండు కోటింగులు వేయించానమ్మా," అన్నారు. రెండు కోటింగుల ముందు ఏ సబ్జెక్టూ నిలబడదు. ఈ రేకు సంగతి లెక్చరర్ గారికి చెప్పడానికి సిగ్గేసి, ఇంట్లో మర్చిపోయానండీ అంటూ నెట్టుకొచ్చాను.

జనవరిలో ప్రీఫైనల్ పెట్టారు. ఇంగ్లీషులో నూటికి ఇరవై రెండు వచ్చాయి. పాసవ్వాలంటే ముప్పై అయిదు. ఎంట్రన్సులో ఇంగ్లీషు లేదు, కాబట్టి మొదటి నెల టైంటేబుల్లో లేదు, కాబట్టి బోర్డు మీద లేదు, కాబట్టి రెండు నెలలుగా నా జీవితంలోనే లేదు. కానీ మార్చిలో ఇంటర్ పరీక్షల్లో ఒక్క సబ్జెక్టు పోయినా, ఎంట్రన్సులో ఎంత ర్యాంకొచ్చినా సీటివ్వరు. నాకున్నది ఒక్కసారి.

దాంతో దొంగతనం మొదలుపెట్టాను. కెమిస్ట్రీ టైములో కెమిస్ట్రీ పుస్తకం మధ్యలో ఇంగ్లీషు పుస్తకం పెట్టుకుని చదివేదాన్ని. ఇంకోళ్ళయితే పాఠం పుస్తకంలో నవలలు దాచుకుంటారు. నా ఖర్మకి పాఠంలో పాఠం దాచుకున్నా. ఒక శనివారం సాయంత్రం మేకుల పొట్లానికి కాగితం కోసం లోపలికొచ్చిన నాన్నగారికి దొరికిపోయాను.

"ఇదేంటి?" అన్నారు.

"ఇంగ్లీషండీ."

"టైమెంత?"

"ఆరున్నర."

"ఆరున్నరకి ఇంగ్లీషు చదువుతున్నావా?" ఆ గొంతులో బాధ చూడాలి. నేను సినిమాకి పారిపోయినా అంత బాధపడేవారు కాదేమో. "ఇంత నమ్మానమ్మా నిన్ను. నేనక్కడ కెమిస్ట్రీ అని కేకేసి వచ్చా, బజారంతా నువ్వు కెమిస్ట్రీ చదువుతున్నావనుకుంటోంది."

అప్పటిదాకా నోరెత్తని నేను ఒక్కసారిగా ఏడ్చేశాను. ప్రీఫైనల్ కాగితం తీసి ఆయన ముందు పడేశాను. "ఇంగ్లీషులో తప్పితే సీటు రాదు నాన్నా. ఒక్కసారే అన్నారుగా. ఆ ఒక్కసారీ మీ బోర్డే పోగొట్టేట్టుంది," అన్నాను. తండ్రితో అలా మాట్లాడటం అదే మొదటిసారి. ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని ఆ ఇరవై రెండుని రెండుసార్లు చదివారు. బయట కొనేవాళ్ళు పిలుస్తున్నా కదల్లేదు.

మర్నాడు ఆదివారం. పల్లెల నుంచి రైతులు సామాన్లకొచ్చే రోజు, మాకు మంచి గిరాకీ. నాన్నగారు కొట్టు తెరవకుండా, ఇస్త్రీ చొక్కా వేసుకుని నందిగామ బస్సెక్కారు. ఎటు వెళ్తున్నదీ అమ్మకి కూడా చెప్పలేదు. సాయంత్రం దాటాక వచ్చి మంచినీళ్ళు తాగి నా పక్కన కూర్చున్నారు.

"మీ లెక్కలాయన తిట్టలేదమ్మా. తిట్టినా బాగుండేది. మజ్జిగిచ్చి, తొలకరికి మీరేం అమ్ముతారండీ అని అడిగాడు. నాగళ్ళకి కర్రులు, పారలు అన్నా. పండగ ముందో అన్నాడు. రంగులు అన్నా. ఏడాది పొడుగునా ఒకే సరుకు పెట్టుకు కూర్చోరు కదా, చదువూ అంతేనండీ అన్నాడు." గ్లాసు కింద పెట్టి, "ఈ ముక్క ముందే నాకు తట్టాల్సింది," అన్నారు.

జేబులోంచి నాలుగు మడతల కాగితం తీసి నా చేతిలో పెట్టారు. "కొత్తది రాసిచ్చాడు. ఎవరికీ చూపించకు. నాక్కూడా."

విప్పి చూశాను. పెన్సిల్ రాతే. మార్చి పరీక్షలయ్యేదాకా సాయంత్రం రెండు గంటలూ ఇంగ్లీషుకీ, సంస్కృతానికీ. పొద్దున లెక్కల్లో రోజు విడిచి రోజు మొదటి సంవత్సరానివి. ఫిబ్రవరిలో ప్రాక్టికల్స్ ముందు వారం రికార్డులకి. ఏప్రిల్ నుంచి పొద్దున మూడు గంటలు కదలకుండా కూర్చుని పాత ప్రశ్నపత్రం రాయడం, మధ్యాహ్నం అందులో తప్పులు దిద్దుకోవడం.

సోమవారం పొద్దున నాన్నగారు బోర్డు దించేశారు, కేకా వెయ్యలేదు. మధ్యాహ్నానికి పంచాయితీ వచ్చింది. ఇడ్లీ ఆలస్యమై బస్సు బేరం పోయిందని మామ్మగారు. టీకి ఎప్పుడెళ్ళాలో తెలియక మేస్త్రీతో మాట పడ్డామని హమాలీలు. "పిల్ల చదువు మానిపించారా ఏంటి?" అని ముక్కున వేలేసుకున్నవాళ్ళు కొందరు. నాన్నగారు ఇంతమందితో పడలేక సాయంత్రానికి బోర్డు మళ్ళీ తగిలించారు.

ఇక మే నెల దాకా ఇదే తంతు. ఆయన బయట "అమ్మాయ్, కెమిస్ట్రీ!" అని అరిచేవారు. బజారులో మూకుళ్ళు పొయ్యి ఎక్కేవి, బస్తాలు ఆగేవి. లోపల నేను మార్చి దాకా ఇంగ్లీషు, ఆ తర్వాత పెన్సిల్ కాగితంలో ఏదుంటే అది చదువుకునేదాన్ని. ఒక్కరోజు కూడా ఆయన గది వైపు తొంగి చూడలేదు. మేకుల పొట్లాలకి కాగితాలు అమ్మ చేత తెప్పించుకునేవారు.

ఇంగ్లీషులో నలభై ఒకటి వచ్చాయి. అంత తక్కువ మార్కులు చూసి అంత సంతోషించినవాళ్ళు మా కాలేజీలో ఇంకొకరు లేరు. ఎంట్రన్సు ర్యాంకుకి సీటు కూడా వచ్చింది. సీటు సంగతి తెలిసిన రోజు మామ్మగారు పళ్ళెం నిండా మైసూరుపాకు తెచ్చి, ఊరంతా వినేట్టు ఆ బోర్డుని పొగిడింది. వడ్ల వ్యాపారి ఒకాయన తన కొడుక్కి అలాంటిదే చేయించమని రేకు కొలతలడిగాడు. నాన్నగారు నవ్వి, మైసూరుపాకు పళ్ళెం ఆయన వైపు జరిపారు.

జనం వెళ్ళాక లోపలికొచ్చి నా మంచం మీద కూర్చున్నారు.

"మూడున్నర నెలలు అబద్ధం కేకేశానమ్మా. నువ్వు లోపల ఏం చదువుతున్నావో, అసలు చదువుతున్నావో లేదో. రోజూ భయమేసేది."

"కాగితం నా పెట్టెలోనే ఉందిగా నాన్నా. ఒకసారి చూసుకోవాల్సింది," అన్నా.

"చూస్తే దానికీ రంగేయిస్తానేమోనని," అన్నారు.