లైక్ కొట్టనోళ్ల వీడియో

మిర్యాలగూడలో మా అక్కకు చిన్న టైలరింగ్ షాపు ఉండేది. నేను సూర్యాపేట నుంచి ఆదివారం ఆదివారం బస్సెక్కి వెళ్లి, ఆమె గుడ్డ కత్తిరిస్తుంటే ఫోన్‌లో చిన్న వీడియోలు తీసి మా పేజీలో పెట్టేదాన్ని. తీసేది నేను కాబట్టి, దేనికి రెండో భాగం తీయాలో చెప్పేదీ నేనే. ఆ పెత్తనం నాకెవరూ ఇవ్వలేదు, నేనే తీసుకున్నాను.

మీటరు గుడ్డ తెచ్చి ఇద్దరు కోడళ్లకూ రవికలు కుట్టమనే ఒక ముసలామెను అక్క ఒకసారి అనుకరించింది. దానికి లైకులు కుప్పలుగా పడ్డాయి. నాకిక కాలు నిలవలేదు. అదే ముసలామె వేషంలో అక్కవి ఇంకో నాలుగు వీడియోలు తీశాను. అప్పటికి అక్కకు ఆపరేషన్ చేసి కుడి రొమ్ము తీసేసి ఏడాది దాటింది. జబ్బు తిరగబెట్టిందని మా ఇద్దరికీ తెలుసు. తెలిసీ నేను ఆమె చేత నవ్వులు పూయించాను.

మధ్యలో ఒక్కటి మాత్రం ఆమె పట్టుబట్టి తీయించుకుంది. రొమ్ము తీసేసిన ఆడమనిషికి రవిక ఎలా కత్తిరించాలో చెప్పే వీడియో. "ఆ పక్కన లేదు గదా అని గుడ్డ తగ్గించొద్దు. తగ్గిస్తే రవిక అటే గుంజుతది. రెండు పక్కలా ఒక్క తీరుగనే కత్తిరించి, లోపల చిన్న సంచి కుట్టాలె. దాంట్ల దూదితోపాటు బరువు కూడా పెట్టాలె, లేకుంటే ఆ పక్క పైకి లేస్తది. ఎంత బరువో, సంచి ఎట్లనో రెండో దాంట్ల చెప్త" అంది. అన్నీ ఒక్కదాంట్లోనే చెప్పేదే, నిడివి ఎక్కువైతే ఎవరూ చూడరని నేనే ఆపాను.

లైకులు చాలా తక్కువ వచ్చాయి. తర్వాతి ఆదివారం అక్క రెండోది తీద్దామంటే, "దాన్నెవరు సూసిండ్రక్కా?" అన్నాను.

అక్క నా చేతిలోంచి ఫోన్ లాక్కుని లెక్కలు చూసింది. లైకులకంటే సేవ్‌లే ఎక్కువున్నాయి. షేర్లూ అంతే.

"నవ్వొస్తే లైక్ కొడతరు పిల్లా. కుట్టుకునేటోళ్లు దాసుకుంటరు. దీనికి లైక్ కొడితే పేరు కనబడ్తది, సూసినోళ్లు ఈమెకేమైందని అడగరా? దాసుకున్నది ఎవరో మనకు గూడ కనబడది. ఎవరికి అక్కరుందో వాళ్లకు సప్పుడు కాకుండ పంపుకుంటరు. రెండోది గిదానికే తియ్యాలె."

"సేవ్ చేసినోళ్లు మళ్ల సూస్తరా ఏంది? మర్సిపోతరు" అన్నాను. ఆ రోజు కూడా ముసలామెనే తీశాను. అక్క కండ్లద్దాలు తీసి తుడుచుకుని, కొంగు నెత్తిన కప్పుకుని, ముసలామె అయిపోయింది.

తర్వాత నెలలో అక్క కుడి చెయ్యి భుజం నుంచి వేళ్లదాకా వాచింది. కత్తెర రంధ్రంలో బొటనవేలు పట్టలేదు. "నేను చెప్త, నువ్వు కుట్టు. గట్లనన్న తీద్దాం" అంది. "బాగయినంక నువ్వే కుడ్దువులే" అన్నాను. ధైర్యం చెప్తున్నానని అనుకున్నాను. నిజానికి ఆ చెయ్యిని కెమెరాలో చూసే ధైర్యం నాకే లేదు. ఆ ఆదివారం పోయింది. ఇంకో మూడు ఆదివారాలు దవాఖానలో పోయాయి. ఆమె కూడా పోయింది.

పేజీ తెరవడానికి చాలా రోజులు మనసొప్పలేదు. తెరిచిన రోజు కోదాడ నుంచి ఒకామె మెసేజ్ ఉంది. "మేడంగారు రెండో భాగం పెడతానన్నారు కదండీ, మా అమ్మకి ఆపరేషన్ అయింది. ఆ వీడియో మా పిన్ని పంపింది. సంచిలో ఎంత బరువు పెట్టాలో చెప్పండి." అప్పుడు లెక్కలు చూశాను. ముసలామె వీడియోలన్నీ మొదటి వారంలోనే చల్లబడ్డాయి. ఈ ఒక్కదానికి సేవ్‌లూ షేర్లూ ఇంకా పెరుగుతూనే ఉన్నాయి. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. కోపమొచ్చింది, నా మీద నాకే.

ఎంత బరువో నాకు తెలీదు. అక్క ఎక్కడా రాసిపెట్టలేదు, అంతా చేతి అంచనా. ఆమె బట్టలన్నీ ఇచ్చేశాం. నేను దాచుకున్న పచ్చ రవిక ఒక్కటే మిగిలింది. దాని కుడిపక్క లోపల ఆమె కుట్టుకున్న సంచి అలాగే ఉంది. బల్ల మీద పరిస్తే ఆ పక్క ఇంకా ఉబ్బెత్తుగా నిలబడుతుంది. ఈ లోకంలో అక్క ఒంటి ఆకారం మిగిలింది ఆ పిడికెడు చోటులోనే. విప్పితే అదీ ఉండదు.

"ఆదివారం పెడతానండీ" అని కోదాడ ఆమెకు జవాబిచ్చాను. కూరగాయలు తూచే కాటా పక్కన పెట్టుకుని, ఫోన్ నిలబెట్టి వీడియో ఆన్ చేసి, రవిక తిరగేసి మొదటి కుట్టు తెంపాను.