ఫర్వానియా గదిలో నా అడ్రస్

మా ఊరి శాఖా గ్రంథాలయంలో పెద్దపెద్దవాళ్ల జ్ఞాపకాలు చాలా చదివాను. పరాయి దేశంలో ఒక గది అద్దెకు తీసుకున్న మనిషి గురించి మాత్రం ఏ బీరువాలోనూ దొరకలేదు. ఫోను పాతబడింది, ఎప్పుడు ఆగిపోతుందో తెలియదు. అందుకే మెసేజీలన్నీ కాగితం మీదకు ఎత్తి పెడుతున్నాను.

నాది గోదావరి వైపు. కువైట్‌లో ఒక క్లినిక్‌లో నర్సుని. మంగఫ్‌లో మా కంపెనీ హాస్టల్ మూసేశారు, ఆ బిల్డింగు ఓనరు అడ్రస్ రికార్డులోంచి మా పేర్లు తీయించేశాడు. ముప్పై రోజుల్లో కొత్త అడ్రస్ నమోదు చేసుకోకపోతే జరిమానా అని, అప్పటిదాకా బతాకా, అంటే సివిల్ ఐడీ కార్డు, పనికిరాదని ప్రభుత్వ యాప్‌లో నోటీసు వచ్చింది. అదే రోజు ఫర్వానియాలో గదిలో చేరాను. ఫ్లాటు కరారు, అంటే అద్దె ఒప్పందం, ఒక కడప ఆంటీ పేరున ఉంది. తను, భర్త ఒక గదిలో ఉండి, మిగిలిన గదులు ఆడవాళ్లకి ఇస్తుంది. నోటీసు సంగతి ఆవిడకు చెప్పలేదు. నిబంధనలన్నీ చదివినదాన్ని, నేనే చక్కబెట్టుకోగలననుకున్నాను.

ఆంటీ వాయిస్‌లే పంపేది. విని రాశాను.

మొదటి రోజు

ఆంటీ: పాపా, ఇను. వంటకు నీ టైము పొద్దున ఐదున్నర నుంచి ఆరుంబావు దాకా. చెప్పులు బయట. బాత్‌రూము జాలీలో ఎంటికలు కనపడితే ఫోటో తీసి గ్రూపులో పెడతా.

నేను: అలాగేనండి ఆంటీ. ఎండుచేపలు వేపుకోవచ్చాండి?

ఆంటీ: శుక్రారం ఒక్కదినం, కిటికీ తీసి. పోయిన తూరి ఈ బిల్డింగు చూసుకునే హారిసు పైకొచ్చినాడు, యాడో ఎలుక సచ్చిందని.

నేను: అది మా వైపు సావిడాయ చేప వాసనై ఉంటుందండి ఆంటీ.

ఆంటీ: ఏదైనా కానీ. కిటికీ.

మూడో రోజు

నేను: ఆంటీ, నా బతాకాలో ఈ గది అడ్రస్ ఎక్కించుకోవాలండి. మీ కరారు కాపీ, ఈ నెల అద్దె రసీదు ఇస్తారా?

ఆంటీ: ఒక నెల కానీ. మనిషిని చూసినాక పేరెక్కిస్తా. అది నా పద్ధతి.

నేను: సరేనండి.

ఎనిమిదో రోజు

ఆంటీ: గిన్నెలో ఉగ్గాని పెట్టినా. పద్ధతులు నేర్చుకుంటాండావు, అందుకని. రోజూ పెడతానని అనుకోవద్దు.

నేను: చాలా బావుందండి. మిరపకాయ మాత్రం నా ప్రాణం తీసిందండి.

ఆంటీ: మీకు తీపి తప్ప ఏమొస్తుందిలే.

పదహారో రోజు

ఆంటీ: రెండుదినాలుగా నీ కుక్కరు కూత లేదు. డ్యూటీ నుంచి వచ్చి తలుపేసుకుంటాండావు. జొరమా?

నేను: లేదండి.

ఆంటీ: లేకుంటే ఏమి? ఇరవై ఏండ్లు అరబ్బీ ఇంట్లో మామా, అదే యజమానమ్మ, మొకం చూసి పని చేసినదాన్ని. మెసేజీలో కూడా మొకం కనపడతాది నాకు.

నేను: ఆంటీ, నాకు ముప్పై రోజుల గడువుందండి. సగం అయిపోయింది. హాస్టల్ అడ్రస్ కొట్టేశారు. మంగఫ్‌లో ఒకతను వేరే ఫ్లాటు అడ్రస్ ఎక్కించి పెడతానంటున్నాడు. రేపు కలుద్దామనుకుంటున్నానండి.

ఆంటీ: నువ్వు ఆ ఫ్లాటులో పండుకుంటాండావా?

నేను: లేదండి.

ఆంటీ: మరి? లేని చోట ఉండానని రాయించుకుంటే పట్టుకునేది వాన్ని కాదు, నిన్ను. ఇచ్చినోడూ తీసుకున్నదీ ఇద్దరూ నేరస్తులే. ఇంత చదివినదానివి! ముందే చెప్పడానికి నోరు లేదా? రేపు యాడికీ పోవద్దు.

నేను: మరి మీరు నా పేరెక్కిస్తారాండి?



పదిహేడో రోజు

ఆంటీ: పాపా. ఓనరు నా కరారులో నాతో కలిపి ముగ్గురు ఆడోళ్లు ఉండొచ్చని రాసిచ్చినాడు. ముగ్గురి పేర్లూ ఉండాయి.

నేను: మీరు కాక ఇద్దరమే కదండీ ఉంటున్నాం? నా పేరింకా ఎక్కలేదు, మరి మూడోది ఎవరిదండి?

ఆంటీ: నీకు ముందు ఆ గదిలో ఉండిన పిల్ల పేరు తీయలేదు. పెండ్లి చేసుకొని మొగునితో పోయింది. పోయేటప్పుడు ఏడ్చింది, ఇంకా అడ్రస్ దొరకలేదు ఆంటీ, కొన్నాళ్లు ఉంచు అని. ఉంచినా. నెల పద్ధతీ లేదు, గిద్ధతీ లేదు. నీకు చెప్పడానికి మొకం లేక అట్లన్నా.

నేను: ఆంటీ, ఏమీ అనుకోకండి. నిన్న నన్ను తిట్టిన తప్పే కదండీ ఇది?

ఆంటీ: అదే. రాత్రంతా అదే నాకూ తిరుగుతాండాది.

నేను: ఆమె పేరు తీయిస్తే ఆమెకీ నాలాగే నోటీసు వెళ్తుందండి. వద్దులెండి.

ఆంటీ: ఏమి వద్దు? నిన్ను వీధిన పడేసి ఆ పిల్ల మీద చూపే జాలి నాకొద్దు. ఆ పిల్లకు నేనే ఫోను చేస్తా.

పద్దెనిమిదో రోజు

ఆంటీ: ఆయమ్మకు అడ్రస్ దొరికి నాలుగు నెలలైందంట! మొగుని కరారులో పేరు కూడా ఉందంట. మార్చుకోడానికి తీరిక లేదంట. నేనేమో పాపం పాపం అనుకుంటాండా. బాగా చీవాట్లు పెట్టినా. రెండుదినాల్లో మార్చుకుంటా ఆంటీ అనింది.

నేను: అమ్మయ్య!

ఆంటీ: నువ్వు అన్నం వండుకో ముందు.

ఇరవై ఒకటో రోజు

ఆంటీ: ఆమె పేరు పోయింది. ఇంక ఓనరు సంతకం కావల్ల. ఈ ఫ్లాటులో నువ్వు కూడా ఉండావని ఆయన రాసియ్యాల. మా ఆయన షువైఖ్‌లో పని చేసే గరాజ్ నుంచి నేరుగా ఓనరు దగ్గరికి పోతాడు. నీ బతాకా కాపీ తలుపు కింద పెట్టు.

నేను: పెట్టానండి. ఆయనేమంటారో?

ఆంటీ: మా ఆయనకు నాలుగు తూర్లు చాయ్ తాపించి సంతకం చేస్తాడు. కంగారు పడాకు.

ఇరవై మూడో రోజు

నేను: కరారు, రసీదు, ఓనరు కాగితం అన్నీ యాప్‌లో పెట్టేశానండి!

ఇరవై ఐదో రోజు

నేను: ఆంటీ, తిప్పి పంపేశారండి. అడ్రస్ నంబరు సరిపోలేదంట.

ఆంటీ: ఏ నంబరు కొట్టినావు?

నేను: బిల్డింగు గుమ్మం దగ్గర నీలం పలక మీదదండి.

ఆంటీ: అయ్యో నా తల్లీ. అది బిల్డింగుది. ఫ్లాటుకు వేరే ఉంటాది, నా బతాకా ఎనకాల రాసుంది. ఫోటో పెడతాండా. లైబ్రరీలో ఇది చెప్పలేదా?

నేను: మా లైబ్రరీలో బిల్డింగులే లేవండి, అన్నీ పెంకుటిళ్లే.

ఆంటీ: నవ్వింది చాలు, కొట్టు. అంకెలు రెండుతూర్లు సరిచూడు.

ఇరవై తొమ్మిదో రోజు

నేను: ఆంటీ! ఒప్పుకున్నారండి! ఫోనులో బతాకా తెరిస్తే మన అడ్రసే వచ్చింది. బ్లాకు, వీధి, బిల్డింగు, ఫ్లాటు, అన్నీ. కొత్త కార్డుకి డబ్బు కట్టేశాను, వారంలో కార్డులిచ్చే మిషను దగ్గర తీసుకోమన్నారు.

ఆంటీ: ఏదీ, ఫోటో పెట్టు.

నేను: ఇదిగోనండి.

ఆంటీ: సరిగ్గా ఉంది. మూడుతూర్లు చదివినా.

నేను: ఆంటీ, మీకు, నాలుగు చాయ్‌లు తాగిన అంకుల్‌కి, సంతకం పెట్టిన ఓనరు గారికి, కాగితాలు పైకి తెచ్చిచ్చిన హారిసు భయ్యాకి, ఈ కాగితాల పనికని నాతో డ్యూటీ మార్చుకున్న మా క్లినిక్ అక్కకి, చివరికి చెప్పిన మాట ప్రకారం అడ్రస్ మార్చుకున్న ఆ పెళ్లికూతురికి కూడా నా దండాలండి. పేర్లు రాయను, ఎవరికి వాళ్లకి తెలుసు.

ఆంటీ: సాల్లే. ఇప్పుడు ఇను. ఈడనుంచి పోయే దినం, నీ అడ్రస్ నువ్వే మార్చుకోవల్ల. ఏడ్చినా నీ పేరు ఉంచను.

నేను: ఉంచరులెండి.

ఆంటీ: ఉంచను. కానీ ఇప్పట్లో యాడికీ పోవద్దు.