అచ్చేసిన నీడ

సాయిపద్మకు కోపం ఎక్కువని ఆమెను ఎరిగినవాళ్ళందరూ అంటారు. బరంపురంలో వైకుంఠరావుగారి ఫ్లెక్స్ ప్రింటింగు షాపులో ఆమె పదకొండేళ్ళు డిజైనరుగా పనిచేసింది. ఆయన ఆమె తల్లికి వరసకు అన్న. అందుకని షాపులోనూ మావయ్యా అనే పిలిచేది. ఒడియా అక్షరం వంపు తప్పినా, తెలుగులో ఒత్తు ఎగిరిపోయినా ప్రింటు కానిచ్చేది కాదు. "నీ కోపం వల్ల గిరాకీలు పోతారే" అని ఆయన విసుక్కునేవారు. పోకపోగా, సాయిపద్మ చేత బొమ్మ వేయించుకోవాలని చికిటి నుంచీ ఛత్రపురం నుంచీ కూడా వచ్చేవాళ్ళు.

బొమ్మ అంటే, బోర్డు తయారవకముందే అది గోడ మీద ఎలా ఉంటుందో చూపించే ఫోటో. కొట్టు ముందు భాగాన్ని ఫోటో తీసి పంపమనేది. దాని మీద పేరు పెట్టి చూపించేది. మొదట్లో ఆ పేరు గోడకు అంటించిన స్టిక్కరులా ఉండేది. ఎందుకలా ఉందని తనే రోజులతరబడి ఆలోచించి, చివరికి షాపులన్నీ తిరిగి గోడల్ని చూసి తెలుసుకుంది. నీడ లేదు, అందుకు. ఎత్తుగా నిలబడిన అక్షరానికి ఎండలో నీడ ఉండి తీరాలి. అదీ ఎటు పడితే అటు కాదు. ఆ ఫోటోలో కిటికీ చూరు నీడ, కరెంటు మీటరు పెట్టె నీడ ఎటు పడ్డాయో అక్షరాల నీడా అటే పడాలి. అక్షరం ఎంత మందమో, గోడకు ఎంత దూరమో దాన్నిబట్టే పొడవు. నల్ల రంగు పులిమితే కుదరదు. ఆ గోడ రంగే ముదురై కనబడాలి, గోడ గరుకు దాని కిందనుంచి తెలియాలి. అక్షరం దగ్గర అంచు గట్టిగా, దూరం పోయేకొద్దీ మెత్తగా ఉండాలి. గోడ మీద నేరుగా రంగుతో రాసే పేరయితే అసలు నీడే పెట్టేది కాదు. "రాసిన అక్షరానికి నీడేటి మావయ్యా, అబద్ధం కాదేటి?" అనేది.

కార్తీకమాసంలో చికిటి నుంచి చిన్నమ్మి వచ్చింది. యాభై దాటిన మనిషి. పొలం పనులకు పోయి, రాత్రిళ్ళు అప్పడాలు ఒత్తి, సంతల్లో అమ్మి, ఇప్పుడు బస్టాండు పక్క సొంతంగా చిన్న కొట్టు పెట్టింది. ఇన్నాళ్ళూ ఆమెను అందరూ 'అప్పడాల మనిషి' అనేవారు. బోర్డు మీద తన పేరు ఉండాలని ఆమె కోరిక.

"ఎత్తుగా ఉండాలమ్మా అచ్చరాలు. బట్టల కొట్లకి ఉంటాయే, అలాగ" అంది చిన్నమ్మి, సాయిపద్మ పక్కన స్టూలు లాక్కుని కూర్చుంటూ. "ఇటు తెలుగు, అటు ఒడియా. దూరం నుంచి బస్సులోవోళ్ళకి కనబడాల."

అలాంటి అక్షరాలను ప్లాస్టిక్ పలకలోంచి కోసి ఒక్కొక్కటీ బోర్డుకు బిగిస్తారు. ఖరీదు ఎక్కువే. చిన్నమ్మి ముందే మొత్తం కట్టేసింది. ఆమె అన్న కొడుకు అప్పలస్వామి ఫోనులో తీసిన ఫోటో చూసింది సాయిపద్మ. కొట్టు దక్షిణం వాకిలి. పొద్దున తీసిన ఫోటో కాబట్టి ఎండ కుడిపక్క నుంచి వచ్చి, మీటరు పెట్టె నీడ ఎడమకు, కిందికి వాలి ఉంది. 'చిన్నమ్మి అప్పడాలు' అని రెండు భాషల్లోనూ ఎర్రటి అక్షరాలు పెట్టి, నీడను కూడా ఎడమకే వాల్చింది. తెర మీద అక్షరాలు గోడ నుంచి లేచి నిలబడ్డట్టు కనిపించేసరికి చిన్నమ్మి నోటి మీద చెయ్యి వేసుకుంది.

"నా పేరేటమ్మా ఇది! పట్టుకుంటే సేతికొచ్చేసేలాగుంది."

బొమ్మ నచ్చిందని కాగితం మీద వేలిముద్ర వేసి వెళ్ళింది.

బోర్డు బిగించిన వారానికి ఫోను చేసింది. గొంతులో సంతోషం లేదు, మొహమాటం ఉంది.

"అమ్మా, బోర్డు బాగుంది గాని... దుమ్ము పట్టిందని బల్లెక్కి గుడ్డెట్టి తుడిసినాను. అచ్చరాలు సేతికి తగల్లేదమ్మా. నాకేటీ తెలీక అడుగుతున్నాను, అవి అలాగే ఉంటాయేటి?"

సాయిపద్మకు అర్థం కాలేదు. ఊడిపోయాయేమో అనుకుంది. వైకుంఠరావును అడిగితే, "పల్లెటూరోళ్ళు ఏదోటంటారు, నీ పని సూసుకో" అని ఫోను మాట్లాడుతూ బయటికి వెళ్ళిపోయారు. ఆ ఆదివారం చికిటి బస్సెక్కింది.

బస్సు దిగేసరికి మధ్యాహ్నం దాటింది. రోడ్డు అవతల నుంచే ఆమెకు ఏదో ఎబ్బెట్టుగా తోచింది. దగ్గరికి వెళ్ళి చూసింది. ఎండ ఇప్పుడు ఎడమపక్క నుంచి పడుతోంది. మీటరు పెట్టె నీడ కుడికి వాలింది. కొట్టు ముందు వేలాడుతున్న పొట్లాల నీడలూ కుడికే. అక్షరాల నీడ ఒక్కటే పొద్దున్న ఉన్నట్టు ఎడమకు వాలి ఉంది. ఆమె బల్ల ఎక్కి అరచేయి పెట్టి తడిమింది. పలక నున్నగా ఉంది. అక్షరం లేదు, నీడ లేదు. ఉన్నదల్లా కాగితంలా పల్చటి స్టిక్కరు. దాని మీద అక్షరాలతో పాటు నీడను కూడా అచ్చేశారు. ఎవరి నీడో ఆమెకు తెలుసు. చివరన మెత్తబడే ఆ అంచు తను పెట్టిందే.

ఒళ్ళంతా మంట పుట్టింది. తన పనిని దొంగిలించి ఉంటే ఇంత ఉండేది కాదు. తన పనినే తీసుకుని, తన పక్కన కూర్చుని మురిసిపోయిన మనిషిని మోసం చేశారు.

"పిన్నీ, నిన్ను దగా సేసినారు" అంది బల్ల దిగుతూ. "ఎత్తు అచ్చరాలకి డబ్బు తీసుకుని, నేనేసిన బొమ్మనే పెద్దదిగా అచ్చుకొట్టి అంటించినారు. నాకు తెలీదు. నీ మీదొట్టు."

చిన్నమ్మి బోర్డు వంక చూసి, "మా ఊరోళ్ళు రెండ్రోజుల్నుంచి నవ్వుతున్నారమ్మా. నీ అచ్చరాలకి సూరీడు ఏరే ఉన్నాడా అని. ఎందుకు నవ్వుతున్నారో నాకు తెలీనేదు" అంది. ఆ తర్వాత ఆమె గొంతు మారింది. "అప్పలసామీ! దీన్ని దింపు. ఎవులమ్మినారో ఆలకే సూపిద్దాం."

సోమవారం పొద్దున సాయిపద్మ ముందుగా మిషను నడిపే రవికాంత్‌ని అడిగింది. అతను తల దించుకున్నాడు. "బాబుగారే సెప్పినారక్కా. నీడ తియ్యొద్దు, అలాగే కొట్టీ అన్నారు. ఎత్తుగా ఉన్నట్టే ఉంటాది, ఎవులు ముట్టుకుంటారు అన్నారు."

వైకుంఠరావు దబాయించారు.

"ఏటి మోసం? ఫోటో సూపించినాం. నచ్చిందని వేలిముద్రేసింది. ఫోటోలో ఏటుందో అదే ఇచ్చినాం. ఒక్క గీత తేడా ఉందేటి సెప్పు!"

"ఫోటో బోర్డెలా అవుద్ది మావయ్యా? అన్నం బొమ్మేసి ఇస్తే కడుపు నిండుద్దేటి? నీడెందుకెట్టినాను నేను? అక్కడ అక్షరం నిలబడుద్దని ఎట్టినాను. నిలబడనిదానికి నా నీడ వాడుకోడానికి నువ్వెవరు?"

"నీ నీడేటే? నా కంప్యూటరు, నా కరెంటు, నా షాపు. నీ ఒక్కదాని నీడెలాగయింది?"

అప్పుడే బయట సామాన్ల ఆటో ఆగింది. చిన్నమ్మి, అప్పలస్వామి బోర్డును దించి షాపు మెట్లకు ఆనించి నిలబెట్టారు. చిన్నమ్మి వైకుంఠరావుకు దండం పెట్టలేదు. బోర్డు ముందు నిలబడి తన బొటనవేలిని అక్షరం పక్కన ఆనించి పట్టుకుంది.

"బాబూ, నా వేలి నీడ ఇటు పడింది. నా పేరు నీడ అటు పడింది. నేను సదూకోనేదు. మీరు సెప్పండి, ఏది నిజం?"

అప్పలస్వామి బోర్డును అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. వేలి నీడ తిరిగింది, అక్షరాల నీడ కదల్లేదు. పక్క కొట్లవాళ్ళు వచ్చారు. దారిన పోతున్న ఒక ఒడియా ముసలాయన సైకిలు ఆపి చూసి, "ఛాయి ఓల్టా!" అన్నాడు. నీడ తిరగబడిందన్న ఆ మాటకు అందరూ నవ్వారు. వైకుంఠరావు నవ్వబోయి, చిన్నమ్మి మొహం చూసి ఆగిపోయారు.

"లోపలికి రామ్మా, మాటాడుకుందాం" అన్నారు.

"లోపలేటుంది? ఎండ ఇక్కడుంది" అంది చిన్నమ్మి.

మధ్యాహ్నం దాకా ఆమె ఆ మెట్ల మీదే కూర్చుంది. వచ్చిన ప్రతి గిరాకీ ఆగి, సంగతి అడిగి, వేలు పెట్టి చూసి వెళ్ళాడు. ఒకాయన తన ఆర్డరు ఇవ్వకుండానే వెనక్కి తిరిగాడు. అప్పుడు వైకుంఠరావు నిజమైన అక్షరాలు కోయించడానికి ఒప్పుకున్నారు. తప్పయిందని మాత్రం అనలేదు. "పనోళ్ళ పొరపాటు" అన్నారు, రవికాంత్ అక్కడే నిలబడి ఉండగా. సాయిపద్మకు అది అన్నిటికంటే ఎక్కువ మండింది.

"పనోళ్ళు కాదు, నువ్వే" అంది అందరి ముందూ.

మర్నాడు పాత బొమ్మలన్నీ తెరిచి, ఎత్తు అక్షరాలకు డబ్బు తీసుకున్న బోర్డులు ఏవేవో వెతికింది. తీరిక దొరికినప్పుడల్లా వెళ్ళి ఒక్కొక్కటీ చేత్తో తడిమి చూసింది. ఇంకో రెండు దొరికాయి. ఒకటి హల్దియాపదర్‌లో మందుల షాపు. యజమాని లోకనాథ్ అంతా విని, "బాగానే కనబడతాంది కదమ్మా. ఒగ్గేయండి, వైకుంఠరావుగారితో మనకెందుకు గొడవ" అన్నాడు. ఆమె నమ్మలేకపోయింది. మోసపోయినవాడే మోసాన్ని వెనకేసుకొస్తుంటే ఇంకెవరి మీద కోప్పడాలి? "మీ మందులూ ఇలాగే ఉంటాయేటండి, బాగా కనబడితే సాలా?" అని అడిగేసి వచ్చేసింది. రెండోవాడు బట్టల వ్యాపారి, షాపుకొచ్చి పోట్లాడి మార్పించుకున్నాడు.

నెలాఖరుకు సాయిపద్మ మానేసింది. తల్లి అమ్మణ్ణి రెండు రోజులు అన్నం తినలేదు. "అన్నతో ఏరుపెట్టించినావు. రేపు పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ ఏ మొహమెట్టుకుని ఎల్లాల?" అని ఏడ్చింది.

"మావయ్యనడుగు, ఏ మొహమెట్టుకుని వస్తాడో" అంది సాయిపద్మ.

ఇప్పుడు ఆమె ఇంటి ముందుగదిలోనే పనిచేసుకుంటోంది. అక్షరాలు కోసే శ్యామ్ అనే అతనితో కలిసి ఆర్డర్లు తీసుకుంటుంది. గిరాకీ మునుపటంత లేదు. బంధువులందరితోనూ వైకుంఠరావు ఆమె పొగరుబోతని చెబుతున్నారు. కొందరు నమ్మారు కూడా. ఆ షాపు నడుస్తూనే ఉంది.

బొమ్మలు వేయడం ఆమె మానలేదు, నీడ పెట్టడమూ మానలేదు. కానీ ప్రతి బొమ్మ మీదా అడ్డంగా 'ఇది బొమ్మ, బోర్డు కాదు' అని రాసి పంపుతుంది. అందం పోతోందని గిరాకీలు గొణుగుతారు. ప్రింటుకు ఇచ్చే ఫైలులో నీడ పొరను తనే తీసేస్తుంది. బిగించే రోజు తనూ వెళ్తుంది. మొన్న ఒకాయన బేరమాడుతూ, "అక్షరాలొద్దమ్మా, ఖర్చు. నీడ బాగా ఏస్తావంట కదా, నీడే ఏసియ్యి" అన్నాడు.

సాయిపద్మ కుర్చీలోంచి లేచి తలుపు తీసి, "ఎండ బాగుంది, ఎల్లిరండి" అంది.