తేనె సీసా తెచ్చిన తంటా

ఏలూరు ఆసుపత్రిలో పేరు రాయించుకున్న రోజే ఆఖరి నెలసరి తేదీ అడిగి, ఎత్తు కొలిచి, రక్తం తీశారు. ఏడో నెల దాకా నెలకోసారి, తర్వాత పదిహేను రోజులకోసారి, తొమ్మిదో నెల నుంచి వారంవారం రమ్మన్నారు. వెళ్ళినప్పుడల్లా బరువు, రక్తపోటు, మూత్రం, పొట్ట చూసేవారు.

ఎనిమిదో నెలలో, ఇంటి నుంచి సీసాలో పట్టుకెళ్ళిన మూత్రంలో నర్సమ్మ నీలం మందు కలిపి కాస్తే ఇటుకరంగుకు తిరిగింది.

"చక్కెర ఉందమ్మా. వార్డులో చేరాలేమో."

తాడేపల్లిగూడెం పుట్టింటి ప్రయాణం పోయినట్టే!

"అత్తయ్యగారూ, మీరిచ్చిన ఆ సీసా దేనిదండీ?" అని తోడొచ్చిన అత్తగారిని నిలదీశాను.

"తేనెది. గుడ్డతో తుడిచానుగా!"

అక్కడే శుభ్రమైన సీసాలో మళ్ళీ ఇచ్చాను. ఈసారి మందు నీలంగానే ఉంది.

"చూశారా నర్సమ్మగారూ, మా తేనె ఎంత అచ్చమైనదో!" అన్నారు అత్తగారు.

నర్సమ్మ నా ముఖం చూసి, రక్తపోటు మళ్ళీ కొలిచింది.