మరదలి మీద వేసిన జోకు

అమలాపురంలో నెట్ సెంటర్లు కొత్తగా వెలిసిన రోజుల్లో, చాటింగులో నాకొక పోలండు అమ్మాయి పరిచయమైంది. అప్పటికి నాకు ముప్పై దాటాయి. మా వైపు సంబంధాలన్నీ నన్ను చూసి పక్క వీధిలోకి తిరిగిపోతున్నాయి.

మొదట్లో నా ఎటకారం ఆమెకు అందలేదు. "తమరు మహారాణులు, మాలాంటివాళ్ళతో మాట్లాడతారా" అని రాస్తే, తాను పళ్ళ డాక్టరు దగ్గర గుమాస్తానని బుద్ధిగా జవాబిచ్చింది. మొహం, గొంతు లేకపోతే వంకర మాట కూడా తిన్నగానే చేరుతుంది. దాంతో నా మీద నేనే కోతలు మొదలుపెట్టాను. సఖినేటిపల్లి రేవులో ఈదుతుంటే ఒక పులస చేప నన్ను జాలిగా చూసి ఒడ్డుకు తోసిందన్నాను. నవ్వింది. వాళ్ళ ఊరి రైళ్ళెప్పుడూ ఆలస్యమేనని వాపోతే, "మా ఊరి రైలు ఒక్కసారీ ఆలస్యం కాలేదు, అసలు రైలే లేదు" అన్నాను. ఇక ఎవరి ఊరు ఎక్కువ పాడో అని పోటీ. నన్ను స్టేషన్ మాస్టరుగారని పిలుస్తూ, లేని రైలుకి రోజూ టిక్కెట్టు అడిగేది. చివరికి చలికాలం సెలవుల్లో వస్తానంది. అన్నీ నచ్చితే పెళ్ళి మాట అనుకుందామంది.

ఒక సాయంత్రం వెబ్‌క్యామ్‌లో ఆమె పక్కన చెల్లెలు కూర్చుంది. పెళ్ళి మాటంటూ వచ్చాక ఆ పిల్ల నాకు మరదలే. మరదలిని ఆటపట్టించకపోతే మా వైపు చిన్నచూపు చూసినట్టు. "నువ్వూ వచ్చెయ్, ఇద్దర్నీ ఏలుకుంటాను" అని టైపు చేశాను.

ఆ పిల్ల చదివి, లేచి, కెమెరాకు అందనంత దూరం వెళ్ళిపోయింది.

నెట్ సెంటరాయన నా భుజం మీంచి చూశాడు. "ఏవండీ, అలాగంటే ఆళ్ళకి తెలుస్తుందేటండీ?"

"సరసవండీ. మరదలు కదండీ."

"ఆయ్. మరదలని ఆ పిల్లకెవరు చెప్పేరండీ?"

ఇది మా ఆచారమని, ఎవరూ నిజమనుకోరని, అదే ఆప్యాయతని పొడుగ్గా రాశాను. ఆమె ఒకటే అడిగింది: మీ దగ్గర ఆ చెల్లెళ్ళకి నిజంగా నవ్వొస్తుందా?

ఇంటికెళ్ళి మా చెల్లెల్ని అడిగాను. దాన్ని మా అక్క మొగుడు ఓణీల నాటినుంచీ ఇదే మాటతో ఆటపట్టిస్తున్నాడు.

తోటకూర గిల్లుతూ అంది: "నవ్వకపోతే ఆయన అక్క మీద విసుక్కునేవోరు కదన్నయ్యా. అందుకని ముందే నవ్వేసేదాన్ని."

"మరి నాకెప్పుడూ చెప్పలేదే?"

"నువ్వూ నవ్వేవోడివిగా."

పోలండు నుంచి ఆఖరి జవాబు వచ్చింది. నా కోతలన్నీ ఇష్టమేనట. కాని తన చెల్లెలు అడుగుపెట్టలేని ఇంటికి తానూ రాదట.

ఆ ఆదివారం బావగారు భోజనానికి వచ్చారు. మా చెల్లెలు వడ్డిస్తుంటే ఎప్పటి మాటే అన్నారు. అది నవ్వింది. నేను నవ్వలేదు.

"ఏం బావా, ఒంట్లో బాలేదేటి?" అన్నారాయన.